జాతకం అడిగిన నెల, గణితం చెప్పగలిగిన ఏడు
జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల జ్యోతిష పండితులకు బహిరంగ లేఖ



విదేశంలో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు నుంచి సిద్ధాంతి గారికి వచ్చే ఉత్తరం సాధారణంగా చాలా పొట్టిది. పుట్టిన తేదీ, పుట్టిన సమయం, పుట్టిన ఊరు అనే మూడు వివరాలు, వాటి కింద రెండు ప్రశ్నలు మాత్రమే అందులో ఉంటాయి: ఇప్పుడున్న ఉద్యోగం నిలుస్తుందా, మారితే ఏ నెలలో మారాలి అన్నది ఒకటి, పెళ్లి ఎప్పుడు కుదురుతుంది అన్నది రెండోది. ఈ ప్రాంతానికి దూరదేశపు ప్రశ్నలు కొత్త కాదు. సిరిసిల్ల నేతకార్మికులు భివండీకి, షోలాపూరుకు వెళ్లినప్పుడు, ఆ తర్వాత జగిత్యాల, కోరుట్ల పల్లెల నుంచి వేలాది మంది గల్ఫ్ దేశాలకు కదిలినప్పుడు, వెనక ఉన్న ఇల్లాలో తండ్రో పంచాంగం ముందు కూర్చుని అడిగిన ప్రశ్నలే ఇవి. అయితే అప్పటి ప్రశ్న ‘మంచిగుంటదా’ అని స్థూలంగా ఉండేది, ఇప్పటి ప్రశ్న నెలను, కొన్నిసార్లు వారాన్ని కూడా అడుగుతున్నది. ప్రశ్న ఇంత సూక్ష్మమైనప్పుడు దానికి ఇచ్చే జవాబులోని గణితం అంత సూక్ష్మతను భరించగలదా అన్నదే ఈ లేఖకు విషయం. జ్యోతిషంపై నమ్మకం ఉన్నవారు, లేనివారు ఇద్దరూ ఒప్పుకోవలసిన లెక్క ఇది, ఎందుకంటే శాస్త్రం తనకు తాను పెట్టుకున్న కొలతలతోనే ఇక్కడ పరిశీలన జరుగుతుంది.

ముందుగా ఆ మూడు వివరాల సంగతి. తేదీ అన్నిటికంటే నమ్మకమైనదని అనుకుంటారు గాని, ఈ ప్రాంతంలో 1990లలో పుట్టిన చాలామందికి బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు రాసిన తేదీ ఒకటి, ఇంట్లో గుర్తున్న తేదీ ఇంకొకటి ఉంటాయి, పాస్‌పోర్టు మీదికి ఎక్కేది మొదటిది. అంతకంటే తరచుగా జరిగే పొరపాటు రాత్రి జననాలలో వస్తుంది. సంప్రదాయంలో వారం సూర్యోదయంతో మొదలై మరుసటి సూర్యోదయం దాకా నడుస్తుంది కాబట్టి, ఆదివారం రాత్రి రెండున్నరకు పుట్టిన బిడ్డను పెద్దలు ఆదివారపు బిడ్డ అనే చెప్పుకుంటారు. ఇంగ్లిషు తేదీ మాత్రం అర్ధరాత్రికే సోమవారంలోకి మారిపోయి ఉంటుంది. కొడుకు ఉత్తరంలో ఆదివారపు తేదీ వేసి పక్కన రెండున్నర అని రాస్తే లెక్క పూర్తిగా ఒక రోజు వెనక్కు పోతుంది. చంద్రుడు రోజుకు సగటున 13 భాగలు, అంటే 13 డిగ్రీలు, దాదాపు ఒక నక్షత్రమంత దూరం నడుస్తాడు కనుక ఆశ్లేష బిడ్డ పుష్యమి బిడ్డ అవుతాడు. ఆ తర్వాత చెప్పే ప్రతి దశా వేరొకరి దశే అవుతుంది.

సమయం విషయానికి వస్తే, జనన ధ్రువపత్రంలో సాధారణంగా తేదీ ఉంటుంది గాని గంటా నిమిషమూ ఉండవు. ఆస్పత్రిలో పుట్టినవారికి కేస్ షీటులో సమయం దొరకవచ్చు. ఇంట్లో మంత్రసాని చేతుల మీద పుట్టినవారికి ఆధారం అమ్మమ్మ జ్ఞాపకమే. ‘మబ్బుల పుట్టిండు, అప్పటికి కోడి ఒక్కపారే కూసింది’ అని ఆమె చెప్పిన మాట మనవడి ఫోనులోకి వచ్చేసరికి ‘ఉదయం 4:30’ అని స్పష్టమైన అంకెగా మారుతుంది. తెల్లవారకముందటి మబ్బు గంటన్నర పొడవు ఉండవచ్చు. 4:30 అనే అంకె ఆ గంటన్నరను కప్పేస్తుంది. అంకెను చూసిన సిద్ధాంతి గారికి అది గడియారం చూసి రాసిన సమయమా, కోడికూతను బట్టి ఊహించిన సమయమా తెలిసే మార్గం ఉత్తరంలో లేదు. అందువల్ల జవాబు రాయడానికి ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఈ సమయం ఎవరు చెప్పారు, ఎక్కడ రాసి ఉంది’ అన్నదే.

ఊరి పేరు మీద ఇళ్లల్లో చాలా పట్టుదల కనిపిస్తుంది: ప్రసవం కరీంనగర్‌లో జరిగిందా, కోరుట్లలో జరిగిందా అని వాదనలు నడుస్తాయి. నిజానికి ఈ మూడు వివరాలలో అతి తక్కువ నష్టం కలిగించేది ఇదే. భారత ప్రామాణిక సమయం దేశమంతటికీ ఒక్కటే కాబట్టి, గడియారపు సమయం తెలిసినప్పుడు చంద్రస్ఫుటం, అంటే రాశిచక్రంలో చంద్రుడున్న చోటు, జగిత్యాలకైనా సిరిసిల్లకైనా ఒకటే వస్తుంది. దాని మీద ఆధారపడే నక్షత్రం, దశ మారవు. మారేది లగ్నం, అంటే పుట్టిన క్షణాన తూర్పు దిక్కున ఉదయిస్తున్న రాశి. జగిత్యాలకూ కోరుట్లకూ మధ్య రేఖాంశ భేదం కాలంలో ఒక నిమిషమైనా కాదు. జగిత్యాలకు బదులు హైదరాబాద్ అని రాసినా రేఖాంశం వల్ల వచ్చే తేడా రెండు నిమిషాల లోపే. లగ్నం రాశి చివరి అంచున ఉంటే తప్ప ఆ తేడా పట్టించుకోనక్కర లేదు.

ఊరి విషయంలో అసలు ప్రమాదం వేరే చోట ఉంది. డాలస్‌లో కూర్చున్న యువకుడు తన ఫోనులోని జాతక యాప్‌లో వివరాలు నింపేటప్పుడు అది తానున్న చోటునే జన్మస్థలంగా పట్టుకోవచ్చు, లేదా ఊరు కోరుట్ల అని ఉన్నా కాలమండలం, అంటే ఆ ప్రదేశపు గడియారం లండన్ సమయానికి ఎంత ముందు వెనకలు ఉందన్న లెక్క, అమెరికాదే మిగిలిపోవచ్చు. చలికాలంలో డాలస్ గడియారం మన గడియారం కంటే 11 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. అంత తేడాకు చంద్రుడు 6 భాగలకు పైగా కదులుతాడు, లగ్నం రాశిచక్రంలో దాదాపు అవతలి కొసకు పోతుంది. యాప్ తీసిన చక్రాన్ని బొమ్మగా పంపి ‘దీన్ని చూసి చెప్పండి’ అని అడిగే ఉత్తరాలు ఎక్కువవుతున్న ఈ రోజుల్లో, ఆ బొమ్మ మీద ‘+5:30’ అనే గుర్తు ఉందో లేదో చూడకుండా జవాబు రాయడం సరికాదు.

ఇప్పుడు దశల లెక్కకు రావాలి, ఎందుకంటే ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు జవాబు ప్రధానంగా అక్కడి నుంచే వస్తుంది. వింశోత్తరి దశ అంటే 120 ఏళ్ల చక్రం. అందులో కేతువుకు 7, శుక్రునికి 20, రవికి 6, చంద్రునికి 10, కుజునికి 7, రాహువుకు 18, గురువుకు 16, శనికి 19, బుధునికి 17 ఏళ్లు. పుట్టినప్పుడు చంద్రుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ నక్షత్రాధిపతి దశతో జీవితం మొదలవుతుంది, ఆ నక్షత్రంలో చంద్రుడు ఇంకా నడవవలసిన భాగం ఎంతో ఆ దశలో అంత నిష్పత్తి మిగిలి ఉంటుంది. దీన్నే దశాశేషం అంటారు. ఒక నక్షత్రం 13 భాగల 20 కళలు, అంటే 800 కళలు. ఈ 800 కళల మీద 19 ఏళ్లో 20 ఏళ్లో పరిచి ఉన్నాయన్న సంగతి గుర్తుంచుకుంటే, శని దశలో ఒక్క కళ తేడా 8 రోజుల పైచిలుకు అవుతుందని తెలుస్తుంది.

లెక్క కోసం ఒక జాతకాన్ని ఊహించుకుందాం. ఇరవై ఏడున్నర ఏళ్ల వయసున్న ఇంజనీరు, పుట్టింది కోరుట్లలో, చిత్రాపక్ష అయనాంశ ప్రకారం చంద్రుడు కర్కాటకంలో 8 భాగల 20 కళల దగ్గర, పుష్యమీ నక్షత్రంలో ఉన్నాడని అనుకుందాం. పుష్యమి కర్కాటకంలో 3 భాగల 20 కళల దగ్గర మొదలవుతుంది కాబట్టి చంద్రుడు 300 కళలు నడిచాడు, 500 కళలు మిగిలాయి. పుష్యమికి అధిపతి శని. 19 ఏళ్లలో 500/800 వంతు, అంటే 11 ఏళ్ల 10 నెలల 15 రోజుల శని దశ మిగిలి ఉంటుంది. దాని మీద బుధ దశ 17 ఏళ్లు కలిపితే ఇతనికి 28 ఏళ్ల 10 నెలలు నిండేదాకా బుధ దశే. ఆ తర్వాత కేతు దశ, అందులో సుమారు 5 నెలల కేతు భుక్తి, ఆ మీదట 14 నెలల శుక్ర భుక్తి. భుక్తి అంటే మహాదశలోని ఉపవిభాగం. శుక్రుడు వివాహకారకుడు గనుక పండితుడు ఆ శుక్ర భుక్తినే పెళ్లి కాలంగా చూపితే, అది 29 ఏళ్ల 3 నెలలకు మొదలై 30 ఏళ్ల 5 నెలలకు ముగుస్తుంది. ‘ఇప్పుడు బుధ దశ నడుస్తున్నది, ఉద్యోగానికి ఢోకా లేదు, పెళ్లికి ఇంకా ఏడాదిన్నర దాటాలి’ అని జవాబు వెళ్తుంది.

ఇదే జాతకాన్ని రామన్ అయనాంశ వాడే మరొక పండితుడు వేశాడనుకుందాం. అయనాంశ అంటే, వసంత విషువత్తు బిందువు నక్షత్రాల మధ్య ఏటా సుమారు 50 వికలలు వెనక్కు జరుగుతూ ఉండటం వల్ల, విషువత్తు నుంచి కొలిచే సాయన రాశిచక్రానికీ నక్షత్రాల నుంచి కొలిచే నిరయణ రాశిచక్రానికీ మధ్య ఏర్పడిన ఎడం. ఆ రెండూ ఎప్పుడు ఏకమై ఉండేవన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. చిత్రాపక్షం క్రీ.శ. 285 అంటుంది, బెంగళూరుకు చెందిన బి.వి. రామన్ 397 అన్నారు. మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో చిత్రాపక్షాన్ని సిఫారసు చేయగా 1957 నుంచి రాష్ట్రీయ పంచాంగం దాన్నే అనుసరిస్తున్నది, అయితే జాతకం చూసేవారందరూ దానికి కట్టుబడలేదు. 2000 సంవత్సరం నాటికి చిత్రాపక్ష అయనాంశ సుమారు 23 భాగల 51 కళలు, రామన్‌ది సుమారు 22 భాగల 24 కళలు. తేడా 87 కళలు.

ఆ 87 కళలు చంద్రుణ్ణి ముందుకు జరుపుతాయి. మిగిలింది 500 కాదు, 413 కళలు. శని దశాశేషం 9 ఏళ్ల 9 నెలలకు తగ్గుతుంది, బుధ దశ 26 ఏళ్ల 9 నెలలకే ముగుస్తుంది, కేతువులో శుక్ర భుక్తి 27 ఏళ్ల 2 నెలల నుంచి 28 ఏళ్ల 4 నెలల దాకా నడుస్తుంది. ఇరవై ఏడున్నర ఏళ్ల ఆ యువకుడికి రెండో పండితుడు ‘బుధుడు వెళ్లిపోయాడు, కేతువు నడుస్తున్నాడు, ఉద్యోగంలో జాగ్రత్త, పెళ్లికాలం ఇప్పుడే, ఆలస్యం చేస్తే జారిపోతుంది’ అని రాస్తాడు. ఒకే జననం, ఒకే శాస్త్రం, ఒకే దశాపద్ధతి. లెక్కలో ఇద్దరూ తప్పు చేయలేదు. ఇద్దరు చూపిన పెళ్లి కాలాలలో ఒక్క రోజు కూడా కలవదు, ఉద్యోగం గురించి ఒకరు అభయం ఇస్తే ఇంకొకరు హెచ్చరిక చేశారు. రెండేళ్ల 24 రోజుల ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో జవాబు అందుకున్నవాడికి తెలియదు, ఎందుకంటే ఏ అయనాంశతో వేశారో ఇద్దరిలో ఎవరూ రాయలేదు.

మిగిలిన తేడాలు దీని ముందు చిన్నవే గాని నెలను అడిగేవాడికి చిన్నవి కావు. పుట్టిన సమయం 15 నిమిషాలు అటూ ఇటూ అయితే ఇదే జాతకంలో దశలు 70 రోజులకు పైగా జరుగుతాయి. దశాసంవత్సరానికి 365¼ రోజులు తీసుకునేవారు ఉన్నారు, 360 రోజుల సావన సంవత్సరం తీసుకునేవారూ ఉన్నారు. పైన చెప్పిన 28 ఏళ్ల 10 నెలల దగ్గర ఆ రెంటి మధ్య ఎడం దాదాపు 5 నెలలు. పూర్వ గణిత పంచాంగానికీ దృగ్గణిత పంచాంగానికీ, అంటే పాత సిద్ధాంత గ్రంథాల సూత్రాలతో కట్టినదానికీ ఆకాశంలో కనిపించే స్థితికి సరిపోయేలా కట్టినదానికీ, చంద్రుని విషయంలో ఉన్న భేదం ఇంకొకటి. ఇక నవాంశ, వివాహాన్ని చూసే విభాగ చక్రం, రాశిని 9 ముక్కలు చేసి వేసేది. దాని లగ్నం సగటున 13 నిమిషాలకొకసారి మారుతుంది. ఉద్యోగానికి చూసే దశాంశ చక్రపు లగ్నం 12 నిమిషాలకొకసారి మారుతుంది. అమ్మమ్మ చెప్పిన మబ్బులో ఇలాంటి నవాంశ లగ్నాలు ఆరేడు ఇముడుతాయి. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని సప్తమాధిపతి గురించి నిశ్చయంగా చెప్పడమంటే సాక్ష్యం లేని చోట తీర్పు చెప్పడమే.

గోచారం, అంటే గ్రహాల ఇప్పటి సంచారం, ఈ లోటును పూడుస్తుందని పండితులు అంటారు. గురువు జన్మరాశి నుంచి 2, 5, 7, 9, 11 స్థానాల్లో ఉన్నప్పుడు గురుబలం ఉందని, పెళ్లి కుదురుతుందని చెప్పడం ఈ ప్రాంతపు వాడుక. దీనికి పుట్టిన నిమిషం అక్కర లేదు, రాశి చాలు, కాబట్టి దోషం తక్కువే. అయితే గురువు ఒక్కో రాశిలో సుమారు ఏడాది ఉంటాడు. పై వరుసను చూస్తే బలం లేని స్థానాలు వరుసగా రెండుకు మించి ఎక్కడా రావు, 3, 4 ఒక జంట, 12, 1 ఇంకొక జంట. అంటే ఏ రాశివారికైనా, ఏ రోజు అడిగినా, దాదాపు రెండేళ్ల లోపు గురుబలం రాక తప్పదు. ‘రెండేళ్లలో గురుబలం వస్తుంది’ అన్న జవాబు ఆ ఇంజనీరు జాతకం గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పడం లేదు. పైగా ఇరవై ఏడు దాటి, ఉద్యోగంలో ఉండి, ఇంట్లోవాళ్లు సంబంధాలు చూస్తున్న యువకుడికి రెండు మూడేళ్లలో పెళ్లి కావడం జాతకం చూడకపోయినా ఊహించదగిన సంగతే. అలాంటి చోట మాట నిజమైనంత మాత్రాన పద్ధతి రుజువైందని చెప్పలేము.

ఉద్యోగపు ప్రశ్న వెనక ఇంకొక కాలెండరు ఉంది, దాన్ని పండితులు తెలుసుకోవడం అవసరం. అమెరికాలో పనిచేసే ఇంజనీరు చేతిలో ఉండేది ఎక్కువగా హెచ్-1బి వీసా. ఏటా 65,000, అక్కడి పై చదువులు పూర్తిచేసినవారికి మరో 20,000 అనే పరిమితి ఉన్నందున మార్చిలో పేర్లు నమోదు చేసి లాటరీ తీస్తారు. ఎంపికైనవారి పని అక్టోబరు 1 నుంచి మొదలవుతుంది. మొదట మూడేళ్లు, మొత్తం మీద ఆరేళ్లు, గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితే ఆ పైన పొడిగింపు. ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికి సాధారణంగా ఇచ్చే గడువు 60 రోజులు. 2025 సెప్టెంబరులో వెలువడిన అధ్యక్ష ప్రకటన కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము పెట్టినప్పుడు ఒక్క రాత్రిలో వేలమంది లెక్కలు తారుమారయ్యాయి. ఈ యువకుడు ‘జూన్‌లో మారాలా, అక్టోబరు దాకా ఆగాలా’ అని అడగడం వెనక ఉన్నది ఈ 60 రోజుల భయమే. అతనికి కావలసిన కొలత రెండు నెలలు. దశాగణితంలో పద్ధతులను బట్టి వచ్చే తేడా రెండేళ్లు. ‘శని భుక్తి దాటేదాకా కదలవద్దు’ అన్న సలహా నమ్మి అతను చేతికొచ్చిన ఉద్యోగాన్ని వదులుకుంటే, ఆ నష్టాన్ని ఏ శాంతీ పూడ్చలేదు. ఇలాంటి ప్రశ్నకు నిజాయితీ గల జవాబు ఒక్కటే: ఈ నిర్ణయం జాతకంతో చేసేది కాదు, వలస చట్టం తెలిసిన న్యాయవాదిని అడిగి చేసేది.

పెళ్లి ప్రశ్నలో బాధ్యత ఇంకా పెద్దది, ఎందుకంటే జవాబు ఒక్కడికే తగలదు. అబ్బాయికి ‘ఇంకో రెండేళ్లు యోగం లేదు’ అన్న మాట, సిరిసిల్లలోనో మెట్‌పల్లిలోనో మాటామంతీ నడిచి, అతని రాక కోసం చూస్తున్న అమ్మాయి ఇంటికి ఆ సాయంత్రానికే చేరుతుంది. ఆ సంబంధం విరిగిపోవచ్చు, లేదా ఆమె తన ఉద్యోగాన్ని, చదువును ఆపుకుని కూర్చోవచ్చు. ‘ఈ ఆరు నెలలు దాటితే మళ్లీ లేదు’ అన్న మాట ఇంకో రకంగా పనిచేస్తుంది: పది రోజుల సెలవు మీద వచ్చినవాడు ఆ పది రోజుల్లోనే చూసి, మాట్లాడి, నిశ్చయం చేసుకుని విమానం ఎక్కుతాడు. పెళ్లయి అక్కడికి వెళ్లిన భార్యకు హెచ్-4 వీసా మీద పనిచేసే హక్కు, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియలో వలస పిటిషను ఆమోదం వంటి మెట్టు దాటితే తప్ప దొరకదు. 2015కు ముందు ఆ అవకాశమూ లేదు. బీటెక్ చదివి ఉద్యోగం చేస్తున్న అమ్మాయికి పెళ్లి ఏ నెలలో అన్నదాని కంటే ఆ పిటిషను ఏ స్థితిలో ఉందన్నది చాలా ముఖ్యమైన ప్రశ్న. మూఢమి లేని మాసం చూసి ముహూర్తం పెట్టే సిద్ధాంతి గారు ఈ ఒక్క మాట ఇరుపక్షాలనూ అడిగి తెలుసుకోమని చెబితే, పొంతన పట్టికలోని 36 గుణాలు చేయలేని మేలు జరుగుతుంది.

జాతకం నిజంగా చెప్పగలదా అన్న మూలప్రశ్నను దాటవేయడం పండితులకు గౌరవం కాదు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, నరేంద్ర దాభోల్కర్ తదితరులతో కలిసి మహారాష్ట్రలో ఒక పరీక్ష నిర్వహించారు. తెలివైన విద్యార్థులవి, మానసిక వైకల్యం ఉన్న పిల్లలవి కలిపిన జాతకాలను జ్యోతిష్కులకు ఇచ్చి, ఏది ఎవరిదో వేరుచేయమని అడిగారు. ఒక్కొక్కరికి 40 జాతకాలు, జవాబులు పంపినవారు 27 మంది. వారి సగటు ఫలితం బొమ్మా బొరుసూ వేసి చెప్పినదాని కంటే మెరుగ్గా రాలేదు. ఆ ఫలితాలు 2009లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వచ్చాయి. ఆ పరీక్ష అడిగింది పుట్టుకతో వచ్చే అతి పెద్ద భేదాన్ని గురించి. ఉద్యోగం మారే నెల దానికంటే ఎంతో సూక్ష్మమైనది. దీన్ని ఒప్పుకోనివారికి ఒక మార్గం తెరిచే ఉంది: తమ జవాబులను తామే పరీక్షకు పెట్టడం. ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పిన రోజునే ఒక దస్త్రంలో ప్రశ్న, చెప్పిన కాలం మొదలు, చివర రాసి, గడువు తీరాక జరిగింది దాని పక్కన రాసుకోవాలి. నిజమైనవి మాత్రమే గుర్తుండి, తప్పినవి మరచిపోయే అలవాటు మనుషులందరికీ ఉంది. దాన్ని ఆపగలిగేది కాగితం ఒక్కటే. అదే విధంగా, జన్మసమయాన్ని సవరించడానికి ‘తండ్రి ఎప్పుడు పోయాడు, ఉద్యోగం ఎప్పుడొచ్చింది’ అని ముందే అడిగి, వాటికి సరిపోయే నిమిషాన్ని ఎంచుకోవడం పరీక్ష కాదు. జరిగిపోయిన సంఘటనలను పండితుడు ముందుగా రాసి, ఆ తర్వాత కుటుంబం చెప్పినదానితో పోల్చినప్పుడే ఆ సవరణకు విలువ.

గోదావరి ఒడ్డున ధర్మపురి ఉన్న ప్రాంతం ఇది, వేద విద్యకూ పండిత కుటుంబాలకూ పేరుపడ్డ నేల. ఇక్కడి సిద్ధాంతుల మాటకు ఇప్పటికీ ఇళ్లల్లో విలువ ఉంది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలోని ఇంజనీరింగ్ కళాశాలలో చదివి సముద్రాలు దాటిన పిల్లవాడు కూడా తల్లి మాట కాదనలేక తన వివరాలు పంపుతాడు. ఆ విలువ ఉన్నందుకే ఈ విజ్ఞప్తి చేయవలసి వచ్చింది.

జవాబు పంపేటప్పుడు దాని మొదటి నాలుగు పంక్తులలో ఏ పంచాంగం, ఏ అయనాంశ, దశాసంవత్సరం ఎన్ని రోజులది, పుట్టిన సమయానికి ఆధారం ఏమిటి అన్నవి రాయాలి. సమయం జ్ఞాపకం మీద ఆధారపడినదైతే నవాంశ, దశాంశ చక్రాల జోలికి పోకూడదు. లెక్కకు సహజంగా ఉన్న ఎడం కంటే ఇరుకైన కాలాన్ని, నెలను గాని వారాన్ని గాని, ఎవరు ఎంత అడిగినా చెప్పకూడదు. ఉద్యోగం వదలమనీ పట్టుకోమనీ, సంబంధం తెంచమనీ కలపమనీ చెప్పడానికి దశను కారణంగా చూపకూడదు. భయపెట్టే మాట చెప్పిన ఉత్తరంలోనే పరిహారానికి వెల కట్టకూడదు. పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు కలిపి బ్యాంకు ఖాతాలను తెరిచే తాళాలుగా మారిన కాలం ఇది కాబట్టి ఆ వివరాలను వాట్సాప్‌లో మరొకరికి పంపకుండా, పని అయ్యాక తుడిచివేయాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పండితులు వచ్చే ఉగాది పంచాంగ శ్రవణం నాడు, జనం అంతా కూడి ఉన్నప్పుడు, తాము వాడే అయనాంశ ఏదో, దశల లెక్కలో ఎంత ఎడం ఉంటుందో బహిరంగంగా చెప్పి ఈ పద్ధతిని మొదలుపెట్టవలసిందిగా ప్రార్థన.